మోటారు గుయ్‌మంటుంది కానీ తిరగదు: బిగుసుకుందా, కండెన్సరా, లోపలి స్విచ్చా?

ప్రశ్న: "మా దగ్గర పసుపు, కారం ఆడే చిన్న మిషన్ ఉంది. బెల్టు మీద నడిచే 1 హెచ్.పి. సింగిల్ ఫేజ్ మోటారు. స్విచ్ వేస్తే గుయ్‌మని శబ్దం వస్తుంది కానీ తిరగదు. ఒక్కోసారి మాత్రం మామూలుగా అందుకుంటుంది. పది రోజుల కింద బేరింగులు మార్పించాం. ఎలక్ట్రీషియన్ కండెన్సర్‌ని బల్బు పెట్టి చూసి బాగానే ఉందన్నాడు. ఇక వైండింగ్ చేయించాల్సిందే అంటున్నాడు. రోటర్ బిగుసుకుందా, కండెన్సర్ వీకా, లోపలి స్విచ్ పోయిందా? ఎలా తెలుసుకోవాలి?"

వైండింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గుయ్‌మంటోందంటేనే కాయిల్‌లో కరెంటు పారుతోందని అర్థం. కరెంటు అసలు పారకపోతే శబ్దమే ఉండదు. లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుని కాలిపోతే కమురు వాసన వస్తుంది, పొగ వస్తుంది, లేదంటే స్విచ్ వేయగానే ఎం.సి.బి. పడిపోతుంది. మీరు వీటిలో ఏదీ చెప్పలేదు. పైగా "ఒక్కోసారి మామూలుగా అందుకుంటుంది" అన్నారు. కాలిపోయిన కాయిల్ ఒక రోజు బాగుండి ఇంకో రోజు పోదు. మీరు రాసిన దాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాటలు రెండు: ఈ "ఒక్కోసారి", ఆ "పది రోజుల కింద బేరింగులు". వాటి దగ్గరికి వస్తాను.

ముందు ఒక జాగ్రత్త. తిరగకుండా గుయ్‌మంటున్న మోటారును మూడు సెకన్లకు మించి ఉంచకండి. మీ మోటారు మామూలు లోడుతో ఏడు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. తిరగకుండా ఆగిపోతే దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది పదహారు నుంచి పాతిక రెట్లు. అందులోనూ ఫ్యాను తిరగదు, గాలి ఆడదు. "ఇంకాసేపు చూద్దాం, అందుకుంటుందేమో" అని పదిసార్లు స్విచ్ వేసి చూసినవాళ్లకే చివరికి నిజంగా వైండింగ్ ఖర్చు తగులుతుంది.

అసలు ఎందుకు తిరగదో ఒక్క ముక్కలో చెబుతాను. ఇది తెలిస్తే మిగతా పరీక్షలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కాలితో తొక్కే కుట్టు మిషన్ గుర్తుందా? చక్రం ఒక చోట ఆగితే ఎంత తొక్కినా కదలదు. చేత్తో చక్రాన్ని కొంచెం అందిస్తే అందుకుని తిరుగుతుంది. వెనక్కి అందిస్తే వెనక్కే తిరిగి దారం తెంపేస్తుంది. సింగిల్ ఫేజ్ మోటారులో రన్నింగ్ కాయిల్ సరిగ్గా ఆ పాదం లాంటిది. దాని అయస్కాంత బలం పైకీ కిందికీ కొట్టుకుంటుందే తప్ప గుండ్రంగా తిరగదు. ఆగి ఉన్న రోటర్‌ను ఏ వైపుకీ తిప్పలేదు. ఒకసారి ఎటైనా తిరగడం మొదలైతే మాత్రం ఆ వైపు లాక్కుపోతుంది. మీకు వినిపించే గుయ్ శబ్దం ఆ కొట్టుకోవడమే.

చక్రాన్ని మొదట అందించే చెయ్యి స్టార్టింగ్ కాయిల్. దానికి వరసగా, గొలుసులో లింకుల్లాగా, కండెన్సర్ ఒకటి, మోటారు లోపల సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఒకటి ఉంటాయి. దీన్నే షాపుల్లో సి.ఎఫ్. స్విచ్ అంటారు. కండెన్సర్ స్టార్టింగ్ కాయిల్ కరెంటును రన్నింగ్ కాయిల్ కరెంటు కంటే ముందుకు జరుపుతుంది, ఆ తేడా వల్ల బలం ఒక వైపుకి తిరుగుతుంది. మోటారు ముప్పావు వంతు స్పీడు అందుకోగానే, అంటే 1440 తిరిగే మోటారు సుమారు 1100 దగ్గరకు రాగానే, షాఫ్ట్ మీద ఉన్న బరువులు విచ్చుకుని స్విచ్ పాయింట్లు తెరుచుకుంటాయి. అక్కడితో చేతి పని అయిపోతుంది. మోటారు ఆగేటప్పుడు స్ప్రింగు బరువులను వెనక్కి లాగుతుంది, పాయింట్లు మళ్లీ కలుస్తాయి, ఇంకోసారి స్టార్ట్ కావడానికి సిద్ధంగా ఉంటాయి. ఈ గొలుసులో ఏ లింకు తెగినా బయటికి వినిపించే శబ్దం ఒకటే. అందుకే చెవితో తేల్చలేం.

ఇక పరీక్షలు. ప్లగ్గు పీకేయండి, ఎం.సి.బి. ఆపడం ఒక్కటే చాలదు. కండెన్సర్ మూత తీసి, దాని రెండు కొనలకు మామూలు పాత రకం 100 వాట్ల ఫిలమెంట్ బల్బును హోల్డరుతో సహా రెండు సెకన్లు తగిలించండి, లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. ఎల్.ఇ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం మనవాళ్లకు సరదా. దానివల్ల కొనలు కాలుతాయి, లోపలి అతుకు దెబ్బతింటుంది, కళ్ల మీదికి నిప్పురవ్వలు వస్తాయి.

మొదటి పరీక్షకు మీటరు అక్కర్లేదు. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో తిప్పండి. బాగున్న మోటారు ఒక్క తోపుకు రెండు మూడు చుట్లు మెత్తగా తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. గరగరమన్నా, ఒక చోట పట్టేసినా, తోసిన చోటే ఆగినా రోటర్ బిగుసుకుంటోంది. బెల్టు తీయగానే మోటారు స్వేచ్ఛగా తిరిగి, మిషన్ వైపు పుల్లీ కదలకపోతే తప్పు మోటారుది కాదు. పసుపు కొమ్ము ముక్క ఇరుక్కున్నా, ముసురు రోజుల్లో మిగిలిన పొడి తడికి గట్టిపడినా మిషన్ పట్టేస్తుంది. ఇది విని నవ్వకండి, నా దగ్గరికి మోటారు ఊడదీసి మోసుకొచ్చాక ఇదే తేలిన సందర్భాలు ఉన్నాయి.

బేరింగులు ఈమధ్యే మారాయి కాబట్టి ఇంకోటి చూడాలి. రెండు పక్కల మూతలు బిగించేటప్పుడు ఒక బోల్టు ముందే గట్టిగా లాగేస్తే మూత వంకరగా కూర్చుంటుంది, రోటర్ పట్టేస్తుంది. నాలుగు పొడవాటి బోల్టులూ అర చుట్టు వదులు చేసి, షాఫ్ట్ తిప్పుతూ, చెక్క సుత్తితో మూత చుట్టూ చిన్నగా తట్టి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. అప్పుడు స్వేచ్ఛగా తిరిగితే అక్కడికి పని అయిపోయినట్టే.

బిగుసుకోవడంలో ఒక దొంగ రకం ఉంది. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతుంది, స్విచ్ వేయగానే పట్టేస్తుంది. రోటర్‌కూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. బేరింగు బాగా అరిగినా, బేరింగు కూర్చునే గూడు అరిగి వదులైనా, కరెంటు రాగానే అయస్కాంత బలం రోటర్‌ను ఒక పక్కకు లాగి స్టేటర్‌కు అతికించేస్తుంది. పుల్లీని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కిందికి పైకి ఏ మాత్రం ఆడినా ఇదే అనుమానించాలి. మోటారు విప్పితే రోటర్ మీద ఒక చోట అద్దంలా మెరిసే రాపిడి గుర్తు కనిపిస్తుంది. పైకీ కిందికీ ఆడటం వేరు, షాఫ్ట్ పొడవునా ముందుకూ వెనక్కూ జరగడం వేరు. ఈ రెండో రకం ఆట గురించి కింద చెబుతాను, మీ విషయంలో అదే ముఖ్యం.

రోటర్ స్వేచ్ఛగా ఉందని తేలాక తాడు పరీక్ష. బెల్టు తీసిన పుల్లీకి పలచటి నూలు తాడు నాలుగైదు చుట్లు చుట్టండి. ముడి వేయొద్దు, కొసను చేతికి చుట్టుకోవద్దు. తాడు మొత్తం ఊడి వచ్చేలా బలంగా లాగండి, తాడు బయటికి వచ్చేసిన తర్వాతే పక్కనున్న మనిషి స్విచ్ వేయాలి. కరెంటులో ఉన్న మోటారు పుల్లీని చేత్తో తిప్పే సాహసం మాత్రం వద్దు, అది అందుకునేటప్పుడు వేళ్లను కూడా తీసుకుపోతుంది. తాడుతో తిప్పాక మోటారు అదే వైపు ఊపందుకుని పూర్తి స్పీడుకు వెళ్తే రన్నింగ్ కాయిల్, రోటర్ రెండూ బాగున్నట్టే. రెండోసారి తాడును ఎదురు వైపు చుట్టి లాగండి. ఎదురు వైపు కూడా అంతే ఉత్సాహంగా తిరిగితే స్టార్టింగ్ గొలుసు పూర్తిగా తెగి ఉంది. ఏ లింకు అన్నది ఇంకా తెలియదు. అలా కాకుండా బెల్టు లేనప్పుడు తాడుతో పని లేకుండానే నీరసంగా, తన వైపే కదిలి, మెల్లగా అందుకుంటుంటే గొలుసు తెగలేదు, బలం తగ్గింది. అది కండెన్సర్ వీక్ అయినప్పుడు కనిపించే లక్షణం.

మోటారు తాడుతో తిరిగినప్పుడు ఒక పని చేయండి. స్విచ్ ఆపి, అది ఆగిపోయే దాకా చెవి దగ్గర పెట్టి వినండి. స్పీడు తగ్గుతూ వస్తుండగా మధ్యలో ఒక చోట టక్ మని వినిపించాలి. పాయింట్లు మళ్లీ కలిసే శబ్దం అది. ఏ శబ్దమూ లేకుండా ఆగిపోతే సి.ఎఫ్. స్విచ్ మీద అనుమానం బలపడుతుంది. టక్ మన్నంత మాత్రాన స్విచ్ మంచిదని అనుకోవద్దు. బరువులు కదిలాయనే దానికి అర్థం. పాయింట్లు కాలి ఉంటే కలిసినా కరెంటు పారదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మోటారు విప్పకుండానే స్విచ్చా, కండెన్సరా తేల్చేది ఇదే, కానీ ఎందుకో చాలామంది చేయరు. ప్లగ్గు పీకి, చార్జి దించిన కండెన్సర్‌ను దాని రెండు వైర్ల నుంచి విడదీయండి. మోటారు నుంచి వచ్చే ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటరు 200 ఓమ్స్ మీద పెట్టి చూడండి. మీటరు కరెంటు ఒక వైరులో ప్రవేశించి స్టార్టింగ్ కాయిల్, లోపలి స్విచ్, ఆ తర్వాత రన్నింగ్ కాయిల్ దాటి రెండో వైరుకు వస్తుంది. గొలుసు మొత్తాన్ని ఒకేసారి చూస్తున్నామన్నమాట. 1 హెచ్.పి. మోటారులో ఇది మొత్తం కలిపి కొద్ది ఓమ్‌లే ఉండాలి. అంకె ఎంత అన్నదాని కంటే అది నిలకడగా ఉందా అన్నది ముఖ్యం. మోటారుకు కుడి ఎడమ తిప్పే రివర్స్ స్విచ్ ఉంటే దాన్ని ఆన్ లో ఉంచి చూడండి, లేకపోతే గొలుసు అక్కడే తెగినట్టు కనిపిస్తుంది.

కొద్ది ఓమ్‌లు చూపి కదలకుండా ఉంటే కాయిల్స్, స్విచ్ కలిసే ఉన్నాయి, అనుమానం కండెన్సర్ మీదికి పోతుంది. మీటరు తెర మీద OL అని గానీ ఒంటరి 1 గానీ వస్తే గొలుసు తెగింది. అప్పుడు షాఫ్ట్‌ను ముందుకు లాగి చూడండి, వెనక్కి నెట్టి చూడండి, పావు చుట్టు తిప్పి ఆపి మళ్లీ చూడండి. ఎక్కడో ఒక చోట అంకె వచ్చి మళ్లీ మాయమైతే తప్పు నూటికి నూరు పాళ్లు స్విచ్‌దే. ఎంత నెట్టినా తిప్పినా ఏ మార్పూ లేకపోతే స్విచ్ పూర్తిగా తెరిచి ఉండిపోయింది, లేదా స్టార్టింగ్ కాయిల్ తెగింది. ఈ రెండింటినీ వేరు చేయడానికి మాత్రం మూత విప్పక తప్పదు. అంకె వస్తుంది కానీ ఒకసారి 9, ఒకసారి 23, ఒకసారి 14 అని ఆడుతుంటే పాయింట్లు కాలిపోయాయి. ఒక చిన్న మెలిక ఉంది: షాఫ్ట్ తిరుగుతుండగా అంకె చూడకండి. రోటర్‌లో మిగిలిన కాస్త అయస్కాంతత్వం మీటరును తికమక పెట్టి స్విచ్ మీద లేనిపోని నింద వేయిస్తుంది. తిప్పండి, ఆపండి, చూడండి.

ఇక మీ ఎలక్ట్రీషియన్ గారి బల్బు సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ బల్బు చెప్పగలిగింది చాలా తక్కువ. 100 మైక్రోఫారడ్ల కండెన్సర్ మన 50 హెర్ట్జ్ కరెంటుకు సుమారు 32 ఓమ్‌ల అడ్డులా ఉంటుంది. వెలుగుతున్న 100 వాట్ల బల్బు దాదాపు 530 ఓమ్‌లు. ఆ పెద్ద అడ్డు ముందు 32 ఎంత? కండెన్సర్ చచ్చి 40 మైక్రోఫారడ్లకు పడిపోయిందనుకోండి, దాని అడ్డు 80 ఓమ్‌లు అవుతుంది. బల్బుకు అందే వోల్టేజీలో తేడా ఒక శాతం కూడా ఉండదు, వెలుగులో తేడా కంటికి తెలియదు. లోపల పూర్తిగా షార్ట్ అయినా బల్బు అంతే బాగా వెలుగుతుంది. సిరీస్ బల్బు కండెన్సర్ లోపల తెగిపోయిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఠప్పుమని నిప్పురవ్వ తెప్పించే పరీక్షా అంతే, పదో వంతు బలం మిగిలిన కండెన్సర్ కూడా దడ పుట్టించేంత శబ్దం చేస్తుంది.

కండెన్సర్ బలం మైక్రోఫారడ్లు కొలిస్తేనే తెలుస్తుంది. మీ మోటారుకు ఉండేది నల్లటి గుండ్రటి డబ్బా, దాని మీద 100-120 లాంటి రెండు అంకెలు ఉంటాయి. మీటరు చూపే అంకె ఆ రెండింటి మధ్య గానీ, కొంచెం ఎక్కువగా గానీ ఉండాలి. చిన్న అంకె కంటే పదో వంతుకు మించి తగ్గితే నేను మార్చేస్తాను. ఇక్కడ చౌక మీటర్లతో ఒక పొరపాటు జరుగుతుంది. కొన్నిటిలో కండెన్సర్ కొలత 20 మైక్రోఫారడ్ల దాకానే ఉంటుంది. దాంతో 100 ది కొలిస్తే తెర మీద 1 వస్తుంది, మంచి కండెన్సర్‌ను పారేస్తారు. కనీసం 200 దాకా కొలిచే మీటరు కావాలి. అది లేకపోతే అదే రేటింగ్ కొత్తది తెచ్చి పెట్టి చూడటం మేలు. వైండింగ్ ఖర్చు పక్కన దాని ధర లెక్కలోకి రాదు. మోటారు షాపుల్లో కండెన్సర్‌ను రెండు సెకన్లు నేరుగా 230 వోల్టులకు పెట్టి, క్లాంప్ మీటరుతో కరెంటు చూసి, ఆ ఆంపియర్లను 3183 తో హెచ్చించి వోల్టులతో భాగిస్తారు. 100 మైక్రోఫారడ్లయితే 7.2 ఆంపియర్లు రావాలి. లెక్క సరైనదే, కానీ లోపల షార్ట్ అయిన కండెన్సర్ ఆ రెండు సెకన్లలో పేలుతుంది. ఇంట్లో చేయకండి.

పోయిన ఏడాది నేను చూసిన ఒక మోటారు మీ దానికి కవల పిల్ల. పంక్చర్ షాపులో గాలి కొట్టే కంప్రెసర్, 1 హెచ్.పి., బెల్టు డ్రైవ్, కండెన్సర్ 100-120. వాళ్లది కూడా బేరింగులు మార్చిన తర్వాతే మొదలైంది. పొద్దున రెండుసార్లు అందుకునేది, మూడోసారి గుయ్‌మనేది. దెబ్బకొడితే ఒక్కోసారి తిరిగేది, దాంతో షాపాయన టైరు లీవరు పక్కనే పెట్టుకుని ప్రతిసారీ ఒకటి వడ్డించేవాడు.

మోటారు కొనల దగ్గర వోల్టేజీ ఖాళీగా ఉన్నప్పుడు 226, గుయ్‌మంటున్నప్పుడు 203. అది సరిపోతుంది, కాబట్టి సప్లై మీద అనుమానం లేదు. బెల్టు తీస్తే పుల్లీ మెత్తగా తిరిగింది, పైకీ కిందికీ ఆట లేదు. తాడుతో రెండు వైపులా చక్కగా అందుకుంది. అంటే గొలుసు తెగింది. కండెన్సర్ తీసి ఆ రెండు వైర్ల మధ్య చూస్తే OL. షాఫ్ట్‌ను పుల్లీ వైపు నుంచి బొటనవేలితో లోపలికి నెట్టాను, 6.8 ఓమ్‌లు వచ్చింది. వదిలేశాను, పోయింది. మళ్లీ నెట్టాను, మళ్లీ వచ్చింది. షాఫ్ట్ పొడవునా ఒకటిన్నర మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుగుతోంది.

విప్పి చూస్తే కథ తేలింది. ఆ మోటారులో సి.ఎఫ్. స్విచ్ వెనక మూత వైపు ఉంది. ఆగి ఉన్నప్పుడు షాఫ్ట్ మీది ఫైబర్ కాలర్ వెనక్కి ఒత్తితేనే పాయింట్లు కలుస్తాయి. రోటర్‌ను ఎప్పుడూ వెనక్కి ఒత్తి పట్టడానికి ముందు బేరింగు గూట్లో ఒక పలచటి వంకర్ల వాషర్ ఉండాలి, అలల్లా వంగి ఉంటుంది, స్ప్రింగులా పనిచేస్తుంది. బేరింగు మార్చినవాడు పాత బేరింగుతో పాటు దాన్ని కూడా చెత్తలో పడేశాడు. రోటర్ ముందుకు జరిగినప్పుడల్లా కాలర్ పాయింట్లను వదిలేసేది. లీవరు దెబ్బకు ఎందుకు తిరిగేదో అప్పుడు అర్థమైంది, దెబ్బకు రోటర్ ఒక వెంట్రుకవాసి వెనక్కి జరిగేది.

వాషర్ కొత్తది వేశాం. పాయింట్లు సగం కలిసి సగం కలవక నిప్పురవ్వలు ఎగిరి నల్లబడ్డాయి. సన్నటి ఆకురాయితో రెండు గీతలు గీసి గుడ్డతో తుడిచాను. సాండ్ పేపరు వాడను, దాని రేణువులు పాయింట్లలో దిగబడి మళ్లీ అడ్డుపడతాయి. గుంటలు పడ్డ పాయింట్లయితే ఆకురాయి కూడా దండగే, స్విచ్ మార్చేయాలి. బిగించి చూస్తే షాఫ్ట్ ఎటు నెట్టినా 6.8 నిలకడగా ఉంది. బెల్టు లేకుండా స్విచ్ వేస్తే వెంటనే అందుకుంది.

బెల్టు వేశాక మళ్లీ గుయ్! షాపాయన నా మొహం చూశాడు, నేను కండెన్సర్ మొహం చూశాను. కొలిస్తే 64 మైక్రోఫారడ్లు. చూడటానికి కొత్తదానిలా ఉంది, ఉబ్బలేదు, కారలేదు. తప్పు నాదే, గొలుసు తెగిందని తెలియగానే స్విచ్ మీదికి ఉరికాను, కండెన్సర్ కొలవడం వాయిదా వేశాను. ఈ రకం కండెన్సర్ స్టార్ట్ అయ్యే రెండు మూడు సెకన్లు మాత్రమే కరెంటులో ఉండేలా తయారవుతుంది. పాయింట్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే అది ఆగి ఆగి కరెంటు మింగుతూ వేడెక్కి లోపలి బలం పోగొట్టుకుంటుంది. 100-120 కొత్తది వేస్తే ట్యాంకులో గాలి ఉన్నా తడుముకోకుండా అందుకుంది. అందుకే కండెన్సర్ మార్చిన వారం పది రోజులకే మళ్లీ పోతే మూడో కండెన్సర్ కొనకండి. స్విచ్ పాయింట్లు అతుక్కుపోయి తెరుచుకోవడం లేదు. అలాంటప్పుడు మోటారు తిరుగుతుంది కానీ బరువుగా గుర్రుమంటుంది, కండెన్సర్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఒక్కోసారి మూత ఎగరగొట్టుకుని పేలుతుంది.

మీ మోటారుకు వస్తే, నేనైతే మొట్టమొదట పుల్లీ పట్టుకుని షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ జరిపి చూస్తాను. పది రోజుల కింద బేరింగులు, అప్పటి నుంచి ఒక్కోసారి తిరగడం, ఒక్కోసారి గుయ్‌మనడం. వంకర్ల వాషరో, షాఫ్ట్ మీది ఫైబర్ వాషరో తిరిగి వేయలేదని నా అనుమానం. స్విచ్ ముందు మూత వైపు ఉన్న మోటార్లు కూడా ఉంటాయి కాబట్టి ఏ వైపు నెడితే కలుస్తుందో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, రెండు వైపులా చూడండి. ఇంకో అనుమానం మీ వృత్తి వల్ల వచ్చేది. పసుపు, కారం పొడి మోటారు గాలి రంధ్రాల్లోంచి లోపలికి పోయి, వేడికి, చెమ్మకు పాయింట్ల మధ్య గట్టి పొరలా పేరుకుంటుంది. అప్పుడు షాఫ్ట్ జరిపినా మార్పు రాదు, మూత విప్పి బ్రష్‌తో దులిపి చూడాల్సిందే. దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కారం మిషన్ మోటారు విప్పి ఒకసారి నేను పొద్దంతా తుమ్మాను.

వోల్టేజీ కూడా ఒకసారి చూడండి, అది ఈ మూడింటికీ నకలు కొడుతుంది. స్టార్ట్ అయ్యే బలం వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది. 230 కి బదులు 180 వస్తే బలం అరవై శాతానికి పడిపోతుంది. షెడ్డు దూరంగా ఉండి, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 40 మీటర్లు లాగి ఉంటే, మోటారు 35 ఆంపియర్లు లాగిన క్షణంలో ఆ వైరులోనే 34 వోల్టులు పోతాయి. మీటరు స్విచ్ బోర్డు దగ్గర కాదు, మోటారు కొనల దగ్గర, గుయ్‌మంటున్న ఆ రెండు సెకన్లలో చూడాలి. సాయంత్రం మాత్రమే ఇబ్బంది పెట్టి తెల్లవారుజామున చక్కగా అందుకునే మోటారును విప్పే ముందు ఇది తేల్చుకోండి.

ఇంట్లో నీళ్ల మోటారు ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఇళ్లలో పెట్టే 0.5, 1 హెచ్.పి. మోనోబ్లాక్ పంపుల్లో ఎక్కువ వాటికి సి.ఎఫ్. స్విచ్ ఉండదు. 10 నుంచి 25 మైక్రోఫారడ్ల చిన్న కండెన్సర్ ఎప్పుడూ కరెంటులోనే ఉంటుంది. వాటిలో అనుమానించాల్సినవి రెండే, కండెన్సర్, బిగుసుకున్న రోటర్. ఎండాకాలం రెండు నెలలు వాడకుండా వదిలేస్తే సీల్ దగ్గర, ఇంపెల్లర్ దగ్గర తుప్పు పట్టేస్తుంది. వెనక ఫ్యాను మూత తీసి షాఫ్ట్ తిప్పితే తెలుస్తుంది. ఆ పంపు కండెన్సర్ ఖాళీగా ఉంది కదా అని మీ మిషన్ మోటారుకు పెట్టకండి, బలం చాలదు. మీ నల్ల డబ్బా కండెన్సర్‌ను పంపుకు అసలే పెట్టకండి, నిమిషాల్లో పేలుతుంది.

మోటారు విప్పాల్సి వస్తే మూతలు తీసే ముందే మూతకూ బాడీకీ అడ్డంగా ఉలితో ఒక గీత పెట్టుకోండి, ముందు వైపుకి ఒకటి, వెనక వైపుకి రెండు. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోనుతో ఫొటో తీయండి. మూత లాగేటప్పుడు గబుక్కున లాగొద్దు, స్విచ్ వైర్లు స్టేటర్ నుంచి మూతకు వెళ్తాయి, పుటుక్కున తెగుతాయి. ముందు కండెన్సర్ వైర్ల మధ్య ఓమ్స్ ఎంత వచ్చింది, షాఫ్ట్ నెట్టినప్పుడు ఎంత వచ్చింది, కండెన్సర్ మీద ఏ అంకెలున్నాయి, మీటరు ఎంత చూపింది, ఈ నాలుగూ ఇక్కడ రాయండి. వాటిని చూశాక మోటారు విప్పాలో వద్దో చెబుతాను.